వయసు, కోహార్ట్, జీవిత దశ: బెంగళూరులో తెలుగు కస్టమర్‌ని దేనితో కొలవాలి?

మా పెద్దమ్మ కూతురు మారతహళ్లిలో పొడులు, పచ్చళ్లు అమ్ముతుంది. కందిపొడి, కరివేపాకు కారం, వెల్లుల్లి కారం, నల్లకారం, గోంగూర, ఎండాకాలంలో ఆవకాయ. ఇంటి వెనక గదిలో మొదలుపెట్టింది, ఇప్పుడు చిన్న షెడ్డు, ఇద్దరు పనివాళ్లు. పోయిన ఏడాది ఒక యాడ్ ఏజెన్సీ వాళ్లు వచ్చి, "మీ టార్గెట్ పద్దెనిమిది నుంచి ముప్పై నాలుగు. మిలీనియల్స్, జెన్ జీ" అని తేల్చేశారు. ప్యాకెట్‌కి గులాబీ రంగు వేయించారు, దాని మీద మీమ్ భాష రాయించారు, మూడు నెలలు యాడ్స్‌కి డబ్బు పెట్టించారు. క్లిక్కులు బాగానే వచ్చాయి. రెండోసారి కొన్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

"ఒరే, ఇన్నేళ్లు మార్కెట్ రీసెర్చ్‌లో పనిచేశావు కదా. కుర్రాళ్లకి పొడి ఎక్కదంటావా?" అని అడిగింది అక్క.

"ఎందుకెక్కదక్కా? కాకపోతే కుర్రాళ్లు అని ఒక గుంపేం లేదు" అన్నాను.

ఆ మాట విప్పి చెప్పడానికి రెండు ఆదివారాలు పట్టింది. చిన్న బ్రాండ్ నడిపేవాళ్లు కస్టమర్లను గుంపులు చేసేటప్పుడు మూడు దారులుంటాయి. వయసుని బట్టి విడదీయవచ్చు, పెరిగిన కాలాన్ని, అంటే కోహార్ట్‌ని బట్టి విడదీయవచ్చు, ఇప్పుడున్న జీవిత దశని బట్టి విడదీయవచ్చు. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది ఎక్కడ ముంచుతుందో అక్క వ్యాపారం మీదే చెబుతాను.

ముప్పై నాలుగేళ్ల నలుగురు

మొదట అక్క పాత ఆర్డర్ల పుస్తకం తీసి, బాగా తెలిసిన ఓ ముప్పై మందికి ఫోన్ చేశాం. వాళ్లలో నలుగురికి సరిగ్గా ముప్పై నాలుగేళ్లు.

ఒకతను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇద్దరు స్నేహితులతో ఫ్లాట్‌లో ఉంటాడు. వంటమనిషి ఉత్తరాది ఆవిడ, పప్పులో పంచదార వేస్తుంది. అతనికి పొడి అంటే ఆ పప్పుని తట్టుకునే మందు. రెండో ఆవిడ మహదేవపురలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. పొద్దున ఆరున్నరకల్లా రెండు స్కూలు డబ్బాలు సర్దాలి. ఇడ్లీకి చట్నీ రుబ్బే టైం లేని రోజు కందిపొడి, నెయ్యి. మూడో అతను ఎలక్ట్రానిక్ సిటీ. భార్య ఏడో నెలలో పుట్టింటికి విజయవాడ వెళ్లింది, కాన్పయి మూడో నెల దాకా రాదు. పెళ్లయిన మనిషే, కానీ ఈ ఆరేడు నెలలు బ్రహ్మచారి తిండి. నాలుగో ఆవిడ చిక్కపేట దగ్గర పుట్టి పెరిగింది. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం కన్నడ. మా గుంటూరు కారం ఆవిడ నోటికి నిప్పు. "మీ పొడి ప్రసాదంలా చిటికెడు పెట్టుకుంటాం" అంది నవ్వుతూ.

యాడ్ పెట్టే చోట, అది మెటా అయినా గూగుల్ అయినా, ఈ నలుగురూ 25–34 అనే ఒకే గడిలో ఉంటారు. వచ్చే పుట్టినరోజుకి నలుగురూ కలిసి 35–44 గడిలోకి మారతారు. ఆ రోజు వాళ్ల వంటింట్లో మారేది ఏమీ లేదు. అసలు మార్పు ఎలక్ట్రానిక్ సిటీ అతని ఇంట్లో, పసిబిడ్డతో భార్య తిరిగొచ్చిన రోజున వస్తుంది. ఆ రోజుని ఏ వయసు గడీ పట్టుకోదు.

ఇదేదో నేను ఏరి తెచ్చిన నలుగురి కథ అనుకోవద్దు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం. అంటే ఒకే ఇరవై నాలుగేళ్ల వయసులో ఒకమ్మాయి బిడ్డను స్కూలుకి పంపుతూ ఉండొచ్చు, ఇంకొకమ్మాయి బీటీఎం పీజీలో ఉండి మొదటి జీతం అందుకుంటూ ఉండొచ్చు. వయసు ఒకటే అయినా వీళ్లిద్దరికీ ఒకే ప్యాకెట్, ఒకే మాట సరిపోవడం కష్టం.

మన దేశపు రీసెర్చ్ రంగానికి ఇది కొత్త సంగతి కాదు. 2011లో తెచ్చుకున్న వినియోగదారుల వర్గీకరణ పద్ధతిలో చూసేవి రెండే: ఇంటికి ముఖ్యంగా సంపాదించే మనిషి చదువు, పదకొండు వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి అనేది. అందులో వయసు ఊసే లేదు, కొలిచేది ఇంటిని. యాడ్ పెట్టే తెర మీద వయసు గడులు సిద్ధంగా కనిపిస్తాయి కాబట్టి చిన్న వ్యాపారులు అందులో పడతారు, అంతే.

వయసు లెక్కలో కనపడని రెండు గుంటలు

మొదటిది గిరగిరా తిరిగే లెక్క. యాడ్‌ని 18–34 వాళ్లకి మాత్రమే చూపించమని పెట్టాం. సహజంగానే యాడ్ చూసి కొన్నవాళ్లందరూ 18–34 వాళ్లే. మూడు నెలల తర్వాత ఏజెన్సీ అతను రిపోర్ట్ తెచ్చి, "చూశారా మేడం, మీ కస్టమర్లలో తొంభై శాతం యూత్" అన్నాడట. మిగతావాళ్లకి యాడే చూపించలేదు కదా, ఇక వాళ్లెలా కొంటారు? ఇది కనిపెట్టడం తేలిక. యాడ్స్ మొదలుపెట్టకముందు, నోటి మాట మీద వచ్చిన ఆర్డర్లను విడిగా తీసి చూడాలి. అక్క పాత పుస్తకంలో నలభై దాటినవాళ్లు బోలెడు మంది.

రెండోది కొనేది ఒకరు, తినేది ఇంకొకరు కావడం. గుంటూరులో ఉన్న తండ్రి తన ఫోన్ నుంచి ఆర్డర్ పెడతాడు. డెలివరీ అడ్రస్ మాత్రం కుందలహళ్లి పీజీ. డబ్బు కట్టినాయనకి యాభై రెండు, తినే కుర్రాడికి ఇరవై రెండు. మన లెక్కలో యాభై రెండే పడుతుంది. దీని అర్థం వయసు తప్పుగా రాసుకున్నామని కాదు, ఎవరి వయసు రాసుకోవాలో తెలియకుండా రాసుకున్నామని. పచ్చళ్లు, పొడులు, నెయ్యి, మిఠాయిల్లాంటి ప్రేమతో పంపే సరుకులన్నింటికీ ఈ చిక్కు ఉంది.

పెద్ద కంపెనీలకీ ఇది తప్పలేదు. హోండా 2000ల మొదట్లో అమెరికాలో ఎలిమెంట్ అనే కారుని కాలేజీ కుర్రాళ్ల కోసం, సముద్రపు అలల మీద ఆటలాడేవాళ్ల కోసం తయారు చేసింది. కడిగేసుకునే నేల, సామాను పట్టేలా మడతపడే సీట్లు. తీరా చూస్తే ఎక్కువగా కొన్నది అంతకంటే చాలా పెద్దవాళ్లు. కుక్కల్ని ఎక్కించుకోవాలి, తోట సామాను మోయాలి, కారు సులువుగా కడుక్కోవాలి అనేవి వయసుతో పనిలేని అవసరాలు.

జీవిత దశ: పొయ్యి దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?

జీవిత దశ అంటే మనిషి ఇప్పుడున్న పరిస్థితి. ఒంటరిగా ఉన్నారా, కొత్తగా పెళ్లయిందా, పసిపిల్లలున్నారా, పిల్లలు చదువుకని వెళ్లిపోయారా. మార్కెటింగ్‌లో ఈ ఆలోచనకి స్థిరమైన రూపం వచ్చింది 1966లో. వెల్స్, గుబార్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు బ్రహ్మచారి దశ నుంచి పిల్లలు వెళ్లిపోయిన గూడు దాకా, ఆపైన ఒంటరిగా మిగిలిన ముసలితనం దాకా మెట్లు కట్టారు. ఇల్లు ఏమి కొంటుందో ఇంటి పెద్ద వయసు కన్నా ఈ మెట్టే చాలా విషయాల్లో బాగా చెబుతుందని వాళ్ల వాదన.

ఆ మెట్లను మన దగ్గరకి యథాతథంగా తెస్తే కాలు జారుతుంది. అక్కడ గూడు ఒకసారి ఖాళీ అయితే అయినట్టే. మన తెలుగు ఇళ్లలో గూడు మళ్లీ నిండుతుంది. కోడలికో కూతురికో కాన్పయితే నెల్లూరు నుంచి అత్తగారు ఆరు నెలలు వచ్చి బెల్లందూర్ అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. అక్క పుస్తకంలో దీని జాడ చాలా స్పష్టంగా కనపడింది. నెలనెలా అరకిలో తెప్పించుకునే ఇల్లు ఉన్నట్టుండి ఆగిపోతుంది. కస్టమర్ చేజారాడని డిస్కౌంట్ మెసేజ్ పంపేది అక్క. ఫోన్ చేసి అడిగితే తేలిందేమిటంటే, వాళ్లమ్మ వచ్చి ఉంది, పొడి ఆవిడే కొడుతోంది. ఆవిడ ఊరెళ్లాక రెండు మూడు వారాలకి, చేసిపెట్టిన సీసా అడుగంటాక, ఆర్డర్ తనంతట తానే మళ్లీ వస్తుంది. అప్పటిదాకా ఇచ్చిన డిస్కౌంట్ అంతా దండగే.

అందుకే అక్క కోసం దశలను పెళ్లి, పిల్లలు అని కాకుండా "పొయ్యి దగ్గర ఎవరున్నారు" అనే ఒక్క ప్రశ్న మీద కట్టాం. పొయ్యి లేని, లేదా ఉన్నా వెలగని ఇల్లు, అంటే పీజీ లాంటిది. వంటమనిషి చేతిలో ఉన్న ఇల్లు. ఉద్యోగం చేస్తూ తామే వండుకునే భార్యాభర్తల ఇల్లు. పెద్దావిడ చేతిలో ఉన్న ఇల్లు. ఈ నాలుగింటి మధ్య జనం ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటారు. ఎలక్ట్రానిక్ సిటీ అతను ఆరు నెలలకి మూడో దశ నుంచి మొదటి దానికి జారాడు, బిడ్డతో పాటు అత్తగారు వస్తే నేరుగా నాలుగో దానికి వెళతాడు.

దశ తెలిస్తే ప్యాకెట్ సైజు తేలుతుంది. అక్కా నేనూ త్రాసు మీద పెట్టి చూశాం. అన్నంలో ఒక ముద్దకి, ఇడ్లీకి కలిపి ఒక మనిషి రోజుకి సుమారు పది గ్రాములు వాడతాడు. పావుకిలో ప్యాకెట్ ఒక్క మనిషికి ఇరవై ఐదు రోజులు వస్తుంది. పీజీలో ఫ్రిజ్ ఉండదు, ప్యాకెట్‌కి క్లిప్ ఉండదు, పదిహేనో రోజుకే వాసన తగ్గి, మిగతాది డస్ట్‌బిన్‌లో పడుతుంది. అతను "పొడి బాగాలేదు" అనుకుంటాడు కానీ ప్యాకెట్ పెద్దదైందని అనుకోడు. వంద గ్రాములదైతే పది రోజులు, వాసనతో పాటు అయిపోతుంది. అదే మహదేవపుర ఇంటికి వంద గ్రాములు పంపితే మూడు రోజుల ముచ్చట, డెలివరీ చార్జీకే చిరాకు. గులాబీ ప్యాకెట్ అందరికీ పావుకిలోనే అచ్చయింది. రెండో ఆర్డర్ రాకపోవడానికి సగం కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం.

కోహార్ట్: ఏ కాలంలో నోరు తయారైంది?

బెంగళూరులో ఈ మాట పలికేముందు ఒక హెచ్చరిక చెప్పాలి. ఇక్కడ స్టార్టప్ వాళ్లకి కోహార్ట్ అంటే ఒకే నెలలో యాప్‌లో చేరిన కస్టమర్ల గుంపు. వాళ్లలో ఎంతమంది రెండో నెల, మూడో నెల మిగిలారో చూసే పట్టిక. అది పనికొచ్చే పట్టికే, కాకపోతే ఇక్కడి విషయం అది కాదు. సమాజశాస్త్రంలో కోహార్ట్ అంటే ఒకే కాలంలో, సుమారుగా ఒకే వయసులో, ఒకే పెద్ద అనుభవం గుండా వెళ్లినవాళ్లు. 1928లో కార్ల్ మన్‌హైమ్ తరాల గురించి రాస్తూ, ఒకే ఏడాది పుట్టడం చాలదని, ఒకే చరిత్ర తాకిడి కలిసి అనుభవించాలని అన్నాడు. 1965లో నార్మన్ రైడర్ ఈ ఆలోచనని సామాజిక మార్పుని కొలిచే పనిముట్టుగా మలిచాడు.

జీవిత దశకీ దీనికీ ఉన్న తేడా ఇది. దశ అనేది మనిషి దాటిపోయే చోటు, బస్టాప్ లాంటిది. కోహార్ట్ మనిషి వెంట తీసుకెళ్లే సంచి. పిల్లలు పుట్టినా, జుట్టు నెరిసినా ఆ సంచి దిగదు. హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు 1989లో అమెరికన్లకి వేర్వేరు కాలాల పాటలు వినిపించి చూస్తే, జనం ఎక్కువగా ఇష్టపడినవి తమకు సుమారు ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలు. నోటి రుచిది ఇంకా గట్టి పట్టు. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారినవాళ్లు ఏ బ్రాండ్లు కొంటున్నారో చూసిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య బ్రాండ్ల తేడాలో సుమారు అరవై శాతం మారిన వెంటనే చెరిగిపోతుంది. మిగతా నలభై శాతం దశాబ్దాల పాటు అలాగే ఉంటుంది. మన దేశం సంగతి డేవిడ్ అట్కిన్ అనే ఆర్థికవేత్త చూశాడు. రాష్ట్రం మారిన కుటుంబాలు తమ పాత తిండినే పట్టుకుని ఉంటాయి, అందుకోసం స్థానికుల కన్నా అదే డబ్బుకి తక్కువ కేలరీలు తినడానికైనా సిద్ధపడతాయని 2016లో తేల్చాడు. సోనా మసూరి బియ్యం కోసం, కారం కోసం ఎంతైనా పెట్టే మనవాళ్లని చూసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఇక్కడే ఏజెన్సీ అతని "మిలీనియల్" దగ్గరకి రావాలి. బేబీ బూమర్ అనే పేరు అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946 నుంచి 1964 దాకా, అక్కడ జననాలు పెరిగిన కాలానికి పెట్టింది. ఆ తర్వాతి పేర్లన్నీ ఆ వరసలో వచ్చినవే. మిలీనియల్ అంటే 1981–96 అనే గీత గీసింది అక్కడి ప్యూ రీసెర్చ్ సెంటర్. అదే సంస్థ 2023లో, ఇకమీదట వేర్వేరు తరాలను ఒకే జీవిత దశలో ఉన్నప్పటి పాత సమాచారంతో పోల్చగలిగితేనే తరాల మాట ఎత్తుతామని ప్రకటించింది. పేర్లు పెట్టినవాళ్లే వెనక్కి తగ్గుతుంటే మారతహళ్లి పొడి ప్యాకెట్ మీదకి అవి ఎందుకెక్కాలి? పైగా మన దగ్గర ఒకే 1990లో పుట్టినా, జయనగర్‌లో పెరిగిన పిల్లకి కేబుల్ టీవీ, ఇంగ్లిష్ స్కూలు, ఇంట్లో ఫోను అందిన వయసు ఒకటి, కనిగిరి దగ్గర పల్లెలో పెరిగిన పిల్లకి అందిన వయసు ఇంకొకటి.

అందుకే బెంగళూరు తెలుగువాళ్ల విషయంలో పుట్టిన సంవత్సరం కన్నా ఊరు వదిలి వచ్చిన సంవత్సరం మంచి కొలత అని నాకనిపిస్తుంది. 2000కి అటూ ఇటూ అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లకి ఇంటి రుచి అంటే ప్రైవేట్ బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపిన డబ్బా. తెల్లవారుజామున వెళ్లి దాన్ని విడిపించుకున్న జ్ఞాపకం. రూములో నలుగురు వంతులేసుకుని వండుకున్నారు కాబట్టి పొడి ఎలా చేస్తారో వాళ్లకి తెలుసు. ఏ నూనె, మిరపకాయ ఏ రకం అని అడుగుతారు. 2016 తర్వాత వచ్చినవాళ్లు దిగిన రోజునే చేతిలో చవక డేటా, యూపీఐ, తిండి తెచ్చే యాప్. వీళ్లలో చాలామంది ఇంటర్ నుంచే కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ఉన్నారు. ట్రంకు పెట్టెలో పచ్చడి సీసా దాచుకుని తిన్న పిల్లలు. వంట రాదు, కానీ సీసా మీద ప్రేమ ఎక్కువ. నూనె సంగతి అడగరు, రివ్యూలు చదువుతారు. చిక్కపేట ఆవిడ మూడో రకం. ఎక్కడి నుంచీ రాలేదు, ఆవిడ నోరు ఇక్కడే తయారైంది.

ఒక విషయం దశదా, కోహార్ట్‌దా అని తేల్చడం

వ్యాపారి దగ్గర ఒక గమనిక ఉంటుంది, ఉదాహరణకి "చిన్నవాళ్లు రెడీమేడ్ పొడి కొంటారు, పెద్దవాళ్లు కొనరు" అని. ఇది ఏ రకమో తెలియకపోతే పదేళ్ల తర్వాత ఏమవుతుందో చెప్పలేం.

లెక్క కోసం అంకెలు అనుకుందాం. 2015లో 25–34 ఏళ్ల వాళ్లు పదిమందిలో ఆరుగురు కొన్నారు, 35–44 వాళ్లు ముగ్గురు. 2025లో మళ్లీ అడిగితే మళ్లీ ఆరు, మూడు వచ్చాయనుకోండి. అప్పటి చిన్నవాళ్లు పెద్దవాళ్లయ్యాక మానేశారన్నమాట. అది దశకి సంబంధించిన అలవాటు. ఎప్పుడూ కొత్తగా వచ్చేవాళ్ల కోసమే మీ వ్యాపారం. అలా కాకుండా 2025లో ఆరు, ఆరు వచ్చాయనుకోండి. 2015లో 25–34 ఉన్నవాళ్లే, అంటే 1981–90 మధ్య పుట్టినవాళ్లే, ఇప్పుడు 35–44. వాళ్లు అలవాటు వెంట తెచ్చుకున్నారు. అది కోహార్ట్, మార్కెట్ వాళ్లతో పాటు పైకి పాకుతుంది. ఇక 2025లో ఎనిమిది, ఐదు వస్తే? రెండు గడులూ ఒకే మేర పెరిగాయి. కాలమే అందరినీ మార్చింది. 2016 నవంబర్ నోట్ల రద్దు తర్వాత యూపీఐ, 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి సరుకులు తెప్పించుకోవడం ఇలాంటివే. వాటిని యూత్ అలవాట్లు అనడం పొరపాటు.

ఒక పరిమితి చెప్పాలి. వయసు అంటే ఇప్పటి సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వచ్చేదే. మూడింటిలో రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే. కాబట్టి అంకెలతో మాత్రమే ఈ మూడు ప్రభావాలను పూర్తిగా విడదీయడం గణితపరంగా కుదరదు. గణాంకశాస్త్రంలో ఇది పాత, పేరున్న చిక్కు. ఆరు, ఆరు వచ్చినప్పుడు కూడా కథని ఇంకోలా అల్లవచ్చు. బయటి జ్ఞానం కావాలి, అంటే జనాన్ని అడగాలి. "మీరు పదేళ్ల క్రితం ఏం చేసేవారు?" అన్నది నేను ఎప్పుడూ వదలని ప్రశ్న. ఒక్క ఏడాది సర్వే చూపించి తరాల గురించి మాట్లాడేవాళ్లని నమ్మకండి. ఒక్క ఏడాదిలో అన్నీ కలిసిపోయే ఉంటాయి.

ఏ నిర్ణయానికి ఏది?

ప్యాకెట్ సైజు, ధర, ఎప్పుడు గుర్తుచేయాలి, ఎంత త్వరగా అందించాలి అనేవాటికి జీవిత దశ. రుచి, కారం మోతాదు, ప్యాకెట్ మీద మాట, ఏ జ్ఞాపకాన్ని తట్టాలి, వాట్సాప్‌లో అమ్మాలా ఇన్‌స్టాగ్రామ్‌లోనా అనేవాటికి కోహార్ట్. వయసుని శరీరమో చట్టమో అడిగిన చోటే వాడాలి, డ్రైవింగ్ లైసెన్సుకో సీనియర్ సిటిజన్ డిపాజిట్‌కో అన్నట్టు. పొడి వ్యాపారంలో అలాంటి చోటు ఒకటే తగిలింది. పసిపిల్లలకి ఉగ్గు పొడి కూడా మొదలుపెడదామంది అక్క. రెండేళ్ల లోపు పిల్లల ఆహారాన్ని ప్రకటించడం, ప్రోత్సహించడం 1992 నాటి చట్టం ప్రకారం నిషేధం. అక్కడ బిడ్డ వయసు నెలలతో సహా ముఖ్యమే. ఆ ఆలోచన మానుకుంది.

డబ్బు, ఓపిక ఒక్కదానికే ఉంటే నేను దశనే ఎంచుకోమంటాను. పొడి లాంటి నెలవారీ సరుకుకి రెండో ఆర్డర్ దాని మీదే ఆధారపడుతుంది. కొత్తగా బ్రాండ్ పేరు, రుచి ఖాయం చేసుకుంటున్నవాళ్లయితే కోహార్ట్‌తో మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ నిర్ణయం నెలనెలా మార్చలేరు. కారు, ఫర్నిచర్, ఇంటి లోన్ లాంటివి అమ్మేవాళ్లకి ఈ తూకం వేరుగా ఉండొచ్చు.

అక్క చేసింది ఇది. యాడ్ డబ్బుని సగం సగం చేసింది. ఒక సగం పాత పద్ధతిలో 18–34కి. రెండో సగానికి వయసు గడి తెరిచే ఉంచి, మాటతోనే మనిషిని పిలిచింది: "మెస్సులో పప్పు తీయగా ఉందా? వంద గ్రాములు, పది రోజులు." పిలుపు తగిలినవాడే ఆగుతాడు, వయసు ఎంతైనా. ఫలితం కొలవడానికి క్లిక్కులు కాకుండా నలభై ఐదు రోజుల్లో రెండో ఆర్డర్ వచ్చిందా అని చూశాం. ఇరవై ఐదు రోజుల ప్యాకెట్, ఊరెళ్లొచ్చే రోజులు, బద్ధకం కలిపి ఆ గడువు. తెరిచి ఉంచిన సగానికి క్లిక్కులు తక్కువ వచ్చాయి, రెండో ఆర్డర్లు ఎక్కువ వచ్చాయి. చిన్న వ్యాపారం, కొద్ది ఆర్డర్లు, కాబట్టి దీన్నే శాసనంగా పట్టుకోమనను. వంద గ్రాముల ప్యాకెట్ ప్రభావం ఎంత, మాట ప్రభావం ఎంత అనేది కూడా ఈ పరీక్షలో విడివడలేదు. రెండూ ఒకేసారి మార్చడం మా తొందరపాటు. మళ్లీ చేస్తే ఒక్కొక్కటిగా మారుస్తాం.

ఒక తప్పు మాత్రం మర్చిపోలేనిది. అమ్మ ఊరెళ్లాక ఆర్డర్లు తిరిగొస్తాయని తెలిశాక, ఆగిపోయిన ఇళ్లకి అక్క ఒక మెసేజ్ తయారుచేసింది: "అమ్మ ఊరెళ్లారా? సీసా ఖాళీ అయిందా?" చదివితే ముద్దుగానే ఉంది. మూడో రోజు ఒకావిడ జవాబిచ్చింది, "అమ్మ పోయి రెండు నెలలైంది" అని. అక్క ఆ పూట భోంచేయలేదు. దశను ఊహించవచ్చు, ఆ ఊహని కస్టమర్ మొహం మీద అనకూడదు. ఇప్పుడు ఆగిన ఇళ్లకి ఏ మెసేజూ వెళ్లదు. ఆర్డర్ మళ్లీ వచ్చినప్పుడు ప్యాకెట్ సైజు మాత్రం పాతదే సిద్ధంగా చూపిస్తుంది.

ఆర్డర్ ఫారంలో వయసు గడి తీసేశాం. దాని చోట రెండు ప్రశ్నలు, ఇష్టమైతేనే నింపాలి: "బెంగళూరు ఏ సంవత్సరం వచ్చారు?", "ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" మొదటి దానికి చిక్కపేట ఆవిడ "మేం రాలేదు, మీరే వచ్చారు" అని రాసింది. ఆవిడ కోసం కారం తగ్గించి, కొంచెం బెల్లం, ఎండుకొబ్బరి వేసిన పొడి ఒకటి అక్క ఇప్పుడు కొట్టి చూస్తోంది.